సరోజమ్మ దుకాణం, సర్కారు సుంకం

కొండాపూర్‌లో మెయిన్ రోడ్డు వదిలి ఒక సందులోకి తిరిగితే, పళ్ళ డాక్టరు క్లినిక్‌కీ బిర్యానీ హోటల్‌కీ మధ్య సరోజమ్మ నగల దుకాణం కనిపిస్తుంది. పెద్ద షోరూములకున్న అద్దాల గోడలూ ఏసీ చలీ అక్కడ ఉండవు. కింద గదిలో రెండు కౌంటర్లు, పైన పనివాళ్ళు కూర్చునే గది, అంతే. మెడలో ఆఫీసు కార్డులు తీయకుండానే వచ్చే అమ్మాయిలు ఫోనులో ఒక బొమ్మ చూపించి, “ఆంటీ, ఇలాంటిది చేయించగలరా?” అని అడుగుతారు. సరోజమ్మ కళ్ళజోడు పైకి నెట్టి చూసి, “చేయిస్తా గానీ, నీ మెడకు ఇది బరువమ్మా. సగం బరువులో చేయిద్దాం, బాగుంటాది” అంటుంది. బేరం తగ్గించుకునే ఈ అలవాటు ఆమె భర్త పెద్దన్నకు ఎప్పుడూ నచ్చదు. కానీ ఒకసారి వచ్చినవాళ్ళు తమ స్నేహితులను వెంటపెట్టుకుని మళ్ళీ రావడం చూసి, ఆయన ఆ మాట పైకి అనడం మానేశాడు.

వాళ్ళది ప్రొద్దుటూరు. బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ఆ ఊళ్ళో పెద్దన్నకు ఒకప్పుడు పెద్ద పనిశాలే ఉండేది. పెళ్ళై వచ్చిన కొత్తలో సరోజమ్మ పనివాళ్ళకు టీ అందించడానికి లోపలికి వెళ్ళేది. చూస్తూ చూస్తూ గీటురాయి మీద బంగారం పోల్చడం నేర్చుకుంది, తరువాత దుకాణంలో కూర్చోవడం నేర్చుకుంది. ఆమెకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఏటా బడ్జెట్ ప్రసంగం మొదటినుంచి చివరిదాకా వింటుంది. రోడ్లు, రైళ్ళు, పథకాలు అన్నంతసేపూ చేతిపని చేసుకుంటూనే ఉంటుంది. “కస్టమ్స్” అన్న మాట వినబడిందంటే మాత్రం చేతులు ఆగిపోతాయి.

ఆ అలవాటు రెండువేల పదమూడులో మొదలైంది. ఆ రోజుల్లో దేశానికి బయటినుంచి వచ్చే సరుకుల ఖర్చుకూ, మనం బయటికి అమ్మి తెచ్చుకునే రాబడికీ మధ్య తేడా చాలా పెరిగిపోయింది. ముడిచమురు తరువాత అందులో పెద్ద వాటా బంగారానిదే. రూపాయి విలువ పడిపోతుండటంతో ప్రభుత్వం బంగారం మీద సుంకాన్ని కొన్ని నెలల్లోనే మెట్లుమెట్లుగా పెంచింది. అది చాలదన్నట్టు ఇంకో నిబంధన కూడా వచ్చింది. తెప్పించిన బంగారంలో ఐదోవంతు నగలై తిరిగి విదేశాలకు వెళ్ళాలి. అది వెళ్ళినట్టు చూపిస్తేనే తరువాతి సరుకు. ఎగుమతి అంటే ఎరగని ప్రొద్దుటూరు లాంటి ఊళ్ళకు దాంతో బంగారం రావడం దాదాపుగా ఆగిపోయింది. ధర ఎక్కువిచ్చి కొందామన్నా బిస్కెట్ దొరికేది కాదు. పెద్దన్న దగ్గర పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరగా వెళ్ళిన ముసలి ఆచారి తన కుంపటిని కూడా మోసుకుపోతుంటే పెద్దన్న గుమ్మంలో నిలబడి చూశాడు. తరువాత ఆ నిబంధన ఎత్తేశారు. కానీ అప్పటికే పనిశాలకు తాళం పడింది. వాళ్ళు కూతురు నవ్య చదువు పేరు చెప్పి హైదరాబాదు వచ్చేశారు.

కొండాపూర్ దుకాణం నిలదొక్కుకున్నాక కూడా సుంకం వాళ్ళను వదల్లేదు. రెండువేల ఇరవైరెండులో అది పదిహేను శాతానికి ఎగబాకింది. బిల్లు లేని దొంగ బంగారం తక్కువకు ఇప్పిస్తామని అడ్డమైనవాళ్ళూ దుకాణానికి వచ్చి మాట్లాడేవాళ్ళు. సరోజమ్మ వాళ్ళను మెట్లమీదినుంచే పంపేసేది. ఇరవైనాలుగు జూలైలో ప్రభుత్వమే సుంకాన్ని ఒక్క దెబ్బన ఆరు శాతానికి దించింది. దొంగ రవాణా తగ్గుతుందనీ, నగల పనికి ఊపు వస్తుందనీ చెప్పారు. ఆ సాయంత్రానికే ధర పడింది. మరునాడు దుకాణం నిండా జనం. కానీ పాత సుంకం మీద కొని నగలుగా చేయించి పెట్టిన సరుకంతా కొత్త ధరకే అమ్మాల్సి వచ్చింది. నవ్వుతూ అమ్ముతూనే నష్టపోయిన వారం అది. అంత గిరాకీ ఉన్నా పెద్దన్న అన్నం సరిగా తినలేదు.

ఆ దెబ్బనుంచి తేరుకుంటున్న సమయంలో, డిసెంబరు మధ్యలో ఒక సోమవారం కబురొచ్చింది.

పెద్దన్నకు బంగారం సరఫరా చేసేది సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో ఉండే లింగమూర్తి. ఆయన ఫోను చేసి ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టాడు.

“పెద్దన్నా, వార్త చూసినవా? నవంబర్‌ల దేశంలకు వచ్చిన బంగారం పద్నాలుగు బిలియన్ డాలర్లు దాటిందట. నిరుటికి నాలుగింతలు. వాణిజ్య లోటు ఎన్నడూ లేనంత! సుంకం తగ్గించినందుకే గిట్లయిందని అందరూ అంటున్నరు. బడ్జెట్‌ల మళ్ళ పెంచుడు ఖాయం. ఇప్పుడే కొని పెట్టుకో.”

ఫోను పెట్టేసేసరికి పెద్దన్న ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రానికి టీవీలో కూడా అదే మాట. రూపాయి మరింత పడిందని మర్నాడు ఇంకో వార్త.

“ఇంటి కాగితాలు బ్యాంకులో పెడదాం సరోజా,” అన్నాడు పెద్దన్న రాత్రి భోజనాల దగ్గర. “వచ్చిన దుడ్లకు మొత్తం బిస్కెట్లు కొని పెడదాం. సుంకం పెరిగినా మనకు ఏడాదికి సరిపడా సరుకుంటాది. మళ్ళీ పనోళ్ళను ఇండ్లకు పంపే గతి నాకు పట్టకూడదు.”

మియాపూర్‌లో వాళ్ళుండే ఆ ఫ్లాట్ సరోజమ్మ పేరు మీద ఉంది. ఆమె సంతకం పెట్టాలి.

“జూలైలో ఏమైంది?” అందామె నెమ్మదిగా. “సరుకు కొని పెట్టుకున్నందుకే కదా పోగొట్టుకున్నాం?”

“అది తగ్గించినారు గాబట్టి. ఇప్పుడు పెంచుతారు.”

“పెంచుతారని మీకు ఎవరు చెప్పినారు? లింగమూర్తా?”

పెద్దన్న కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆయన కోపం కేకల్లో కనిపించదు, మౌనంలో కనిపిస్తుంది. మర్నాటినుంచి దుకాణంలో ఆమెతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. బ్యాంకు మేనేజరుతో అపాయింట్‌మెంటు మాత్రం తీసుకున్నాడు.

సరోజమ్మకు లోపల భయం లేకపోలేదు. పైన గదిలో మహేందర్, అతని కింద ముగ్గురు పనివాళ్ళు ఉన్నారు. మహేందర్ కరీంనగర్ నుంచి వచ్చి దుకాణం పెట్టిన ఏడే చేరాడు. వార్త అతని దాకా కూడా వచ్చింది.

“ఏందమ్మా, మళ్ళ బంగారం బంద్ పెడ్తరంట? మా పోరగాళ్ళు పరేషాన్ అయితున్నరు,” అన్నాడు.

“బంద్ కాదు లేప్పా. పెంచితే సుంకం పెంచుతారేమో. ఆ రెండూ ఒకటి కాదు,” అంది. చెప్పాక ఆ మాటే ఆమెలో తిరుగుతూ ఉండిపోయింది.

ఆ వారంలోనే పార్థసారథి గారు వచ్చారు. ఆయనది రాజమండ్రి. శంషాబాద్ ఎయిర్ కార్గోలో కస్టమ్స్ సూపరింటెండెంటుగా రిటైరై గచ్చిబౌలిలో ఉంటున్నారు. కూతురు రసజ్ఞ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మాఘమాసంలో ఆమె పెళ్ళి. కాసుల హారం, వడ్డాణం ఇక్కడే చేయించమని ఆర్డరిచ్చారు. ధర నగ తీసుకునే రోజుదే అన్నది మాట. తండ్రీకూతుళ్ళిద్దరూ ఆందోళనగానే ఉన్నారు.

“ఏవండీ సరోజమ్మ గారూ, మమ్మల్ని ఇప్పుడే మొత్తం కట్టేయమంటారా? అమ్మాయి రాత్రంతా వార్తలు చదువుతోందండీ,” అన్నారాయన.

నవ్య కూడా ఆ శనివారం దుకాణంలోనే ఉంది. ఆమె రాయదుర్గంలో ఒక విదేశీ బ్యాంకు ఆఫీసులో పనిచేస్తుంది. ఏ దేశం ఏం కొంది, ఏం అమ్మింది అన్న గణాంకాలతో నివేదికలు తయారుచేయడమే ఆమె జట్టు పని.

“అసలు మనం బంగారం కొనుక్కుంటే దేశానికి నష్టమేంటి నవ్యా?” అని అడిగింది రసజ్ఞ. “మా డబ్బుతోనే కదా కొంటున్నాం.”

“నువ్వు రూపాయలిస్తావు. కానీ మన దగ్గర గనులు దాదాపు లేవు కాబట్టి బయటి దేశం వాడికి డాలర్లు ఇవ్వాలి,” అంది నవ్య. “అందరం ఒకేసారి కొంటే అన్ని డాలర్లు బయటికి పోతాయి. డాలరుకు గిరాకీ పెరుగుతుంది, రూపాయి తగ్గుతుంది. అప్పుడు పెట్రోలు కూడా ఖరీదవుతుంది.”

“పెట్రోలు ఆపలేరు కదండీ, బస్సులు ఆగిపోతాయి,” అన్నారు పార్థసారథి. “యంత్రాలు ఆపితే ఫ్యాక్టరీలు ఆగిపోతాయి. బంగారం అలా కాదు. తెచ్చినదాంట్లో చాలామటుకు లాకర్లోకి పోతుంది. అందుకే లోటు పెరిగినప్పుడల్లా ప్రభుత్వం చెయ్యి ముందు దీనిమీదే పడుతుందండీ. అయితే అదీ ఒక హద్దు దాకానే. సుంకం మరీ పెంచితే విమానం దిగేవాళ్ళ చెప్పుల్లోనూ నడుముకీ బంగారం దొరకడం మొదలవుతుంది. నేను చూశాను కదా.”

సరోజమ్మ హారం నమూనాను మెత్తని గుడ్డ మీద పెడుతూ, “నాకు ఒకటి అర్థం కావడంలేదు సార్,” అంది. “ధనత్రయోదశి అక్టోబరులోనే అయిపాయె. నవంబరులో పెండ్లిండ్ల బేరం ఉన్నింది, లేదనను. కానీ నాలుగింతలు? మాకు తెలిసిన దుకాణాల్లో ఎవరూ అట్లా అమ్మలేదు. మరి అంత బంగారం యాడికి పోయింది?”

నవ్య తలూపింది. “మా ఆఫీసులోనూ అదే అడుగుతున్నారమ్మా. సమాధానం ఎవరి దగ్గరా లేదు.”

పార్థసారథి గొంతు తగ్గించారు. “నేను చెప్పేది అనుమానం మాత్రమేనండీ. బయటినుంచి వచ్చిన బంగారాన్ని కొన్నిసార్లు నేరుగా దేశంలోకి తీసుకోరు. ముందు ప్రత్యేక ఆర్థిక మండలంలోని గిడ్డంగిలో దింపుతారు. అప్పుడు సుంకం ఉండదు. తరువాత కొనేవాడు దొరికాక సుంకం కట్టి బయటికి తెస్తారు. అంటే ఒకే సరుకుకు రెండుసార్లు కాగితాలు పుడతాయి. ఆ రెంటినీ కలిపేస్తే లెక్క ఉబ్బుతుంది. అలాగే జరిగిందని అనను. జరగడానికి వీలుందంటున్నాను.”

పక్క కౌంటర్లో పెద్దన్న వింటూనే ఉన్నాడు.

సరోజమ్మ ఆ తండ్రీకూతుళ్ళకు ఒక మాట చెప్పింది. “మీ నగలకు పట్టే బంగారం వరకు ఇప్పుడు దుడ్లు కట్టండి. ఈరోజు ధరకే మేము కొని పక్కన పెడతాం. సుంకం పెరిగినా మీకు భారం ఉండదు. రేపు తగ్గితే మాత్రం నన్ను అనకూడదు.” రసజ్ఞ మొదటిసారి నవ్వింది. ఆర్డరు ఉన్న మిగతావాళ్ళకు కూడా సరోజమ్మ ఫోన్లు చేసి ఇదే చెప్పింది. కొందరు ఒప్పుకున్నారు, కొందరు చూద్దామన్నారు.

బ్యాంకుకు వెళ్ళాల్సిన రోజు ఉదయం పెద్దన్న చొక్కా మార్చుకుని వచ్చి సోఫాలో కూర్చున్నాడు. సరోజమ్మ వంటింట్లోంచి వచ్చి ఎదురుగా కూర్చుంది.

“నేను సంతకం పెట్టను,” అంది.

ఆయన తలెత్తి చూశాడు.

“మీ భయం నాకు తెలుసు. ఆ ముసలాయన కుంపటి ఎత్తుకపోయింది నేనూ చూసినా. కానీ అప్పుడు మనల్ని పడగొట్టింది ధర కాదు, సరుకు దొరకకపోవడం. సుంకం పెరిగితే బంగారం ప్రియమవుతాది, అంతే. దొరకకుండా పోదు. జనం తక్కువ బరువులో చేయించుకుంటారు, మనం తక్కువ బరువులో చేస్తాం. బతుకుతాం. ఇల్లు పెట్టి కొన్నాక వాళ్ళు పెంచకపోతే? జూలైలో మాదిరి ఇంకా తగ్గిస్తే? అప్పుడు పనోళ్ళూ ఉండరు, ఇల్లూ ఉండదు.”

“పెంచితే?”

“ఊళ్ళో ఇంటింటా పాత బంగారం ఉంది. తెగిన గొలుసులు, ఒంటరి కమ్మలు. అవి తెమ్మందాం. కరిగించి కొత్తవి చేసిద్దాం. దానికి ఏ విమానమూ రానక్కరలేదు, ఏ సుంకమూ లేదు. మహేందర్‌కు పని దొరుకుతాది.”

పెద్దన్న లేచి, బ్యాంకుకు ఫోను చేసి రావడం లేదని చెప్పాడు. ఒప్పుకున్నట్టు కాదు. వాదించే ఓపిక లేనట్టు.

అలా పుష్యమాసం మొదలైంది. పెళ్ళిళ్ళు లేని నెల. మామూలుగా అయితే పైన గదిలో సగం రోజు ఫోన్లు చూసుకుంటూ గడిచేది. ఆ ఏడాది మాత్రం నవ్య రాసిపెట్టిన వాట్సాప్ సందేశం చూసి, చుట్టుపక్కల అపార్టుమెంట్లవాళ్ళు డబ్బాల అడుగున పడున్న పాత నగలు తెచ్చారు. ఒకామె అత్తగారి నల్లపూసల గొలుసు తెచ్చి, కరిగించే ముందు దాన్ని ఒకసారి మెడలో వేసుకుని చూసుకుంది. సరోజమ్మ తొందరపెట్టలేదు. మహేందర్ మనుషులు సాయంత్రం దాకా తలెత్తకుండా పనిచేశారు. పెద్దన్న మాత్రం రోజూ పొద్దున లింగమూర్తికి ఫోను చేసి, ఎవరెవరు ఎంత కొనిపెట్టుకున్నారో అడుగుతూనే ఉన్నాడు. అడిగినప్పుడల్లా ముఖం చిన్నబోయేది.

జనవరి రెండోవారం రాకముందే ఒక మధ్యాహ్నం నవ్య ఆఫీసునుంచి ఫోను చేసింది. మామూలుగా ఆ వేళలో చేయదు.

“నాన్నా, స్పీకర్ పెట్టండి. నవంబరు లెక్క సరిచేశారు! బంగారం పద్నాలుగు కాదు, పదికి లోపే. దాదాపు ఐదు బిలియన్లు ఎక్కువ చూపించారంట.”

“ఎట్ల?” అన్నాడు పెద్దన్న.

“కంప్యూటర్ వ్యవస్థ మారుస్తున్నప్పుడు గిడ్డంగిలో దిగినప్పుడొకసారి, బయటికి వచ్చినప్పుడొకసారి, అదే బంగారం రెండుసార్లు పడిందని వార్తల్లో రాశారు. పార్థసారథి అంకుల్ అన్నట్టే. ఒక్క నవంబరే కాదు, ముందు నెలలవీ కొన్ని తగ్గాయి. లోటు కూడా ఆ మేరకు దిగింది.”

పెద్దన్న కౌంటరు వెనక స్టూలు మీద కూర్చున్నాడు. చేతులతో ముఖం తుడుచుకున్నాడు. సరోజమ్మ నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, “లెక్క తప్పంట,” అన్నాడు, ఆమె విననట్టు. వారాల తరువాత దుకాణంలో ఆయన ఆమెతో తనంతట అన్న మొదటి మాట అదే. సరోజమ్మ ఏదో అనబోయి నవ్వేసింది. ఆయనా నవ్వాడు. పైనుంచి మహేందర్ తొంగి చూసి, “ఏమైందమ్మా?” అంటే, “ఏం కాలే. ఫికర్ చెయ్యకు” అని అతని యాసలోనే చెప్పింది.

అయినా అసలు గండం బడ్జెట్. లెక్క సరిదిద్దినా పది బిలియన్లు తక్కువేమీ కాదని, సుంకం కొంతైనా పెంచవచ్చని అనేవాళ్ళు ఉన్నారు. ఫిబ్రవరి ఒకటి శనివారం. నవ్యకు సెలవు. దుకాణంలో టీవీ పెట్టారు. రసజ్ఞ హారం తీసుకోవడానికి ఆరోజే వచ్చింది, తండ్రి కూడా వచ్చారు. మహేందర్ పని వదిలి మెట్ల మీద నిలబడ్డాడు. ప్రసంగం సాగుతూ సాగుతూ కస్టమ్స్ దగ్గరికి వచ్చింది. సరోజమ్మ చేతిలోని హారాన్ని గుడ్డమీద పెట్టేసింది. మందులు, ఖనిజాలు, బ్యాటరీలు... ఒక్కొక్కటే దాటిపోయాయి. బంగారం బిస్కెట్ల మాటే రాలేదు. ప్రసంగం ముగిశాక కూడా ఎవరూ కదల్లేదు.

“ప్రసంగంలో లేకపోయినా పట్టికల్లో మార్చి ఉండవచ్చండీ, తొందరపడకండి,” అన్నారు పార్థసారథి.

నవ్య ఫోనులో ఆ పట్టికలు తెరిచి వెతికింది. అందరూ ఆమె వేలినే చూస్తున్నారు.

“మారలేదు,” అంది చివరికి. “బిస్కెట్ మీద ఆరే. బయటినుంచి తెచ్చే నగల మీద మాత్రం కాస్త తగ్గించారు. మనకు దాంతో పని లేదు.”

మహేందర్ “హమ్మయ్య” అని అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. పెద్దన్న ఎవరినీ చూడకుండా బయటికి వెళ్ళి పక్క హోటల్లో అందరికీ టీ చెప్పి వచ్చాడు. పార్థసారథి గారి కళ్ళజోడు మసకబారింది. ఆయన దాన్ని తుడుచుకుంటూ, “మా బంగారం ముందే కొనేశారు గానీ, మీ గురించే బెంగపడ్డానండీ,” అన్నారు. రసజ్ఞ అద్దం ముందు నిలబడి హారం వేసుకుంది. మహేందర్ దూరంనుంచే చూసి, కొక్కెం ఒక చుట్టు బిగించాలన్నాడు.

నిజం చెప్పాలంటే సుంకం పెరగకపోయినా బంగారం ధర ఆగలేదు. లోకమంతటా పెరుగుతూ ఉంది, ఇక్కడా పెరిగింది. ఒక సాయంత్రం పెద్దన్న ఆ రోజు ధర చూసి, “ఇల్లు పెట్టి కొనుంటే లాభమే వచ్చుండేది సరోజా,” అన్నాడు. కోపంతో కాదు, ఊరికే.

“వచ్చుండేది,” అని ఆమె ఒప్పుకుంది. “మీరు మాత్రం అప్పటిదాకా నిద్రపోయి ఉండరు.”

ఆయన నవ్వి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మాఘమాసం ముహూర్తాలతో దుకాణం మళ్ళీ కళకళలాడింది. ధర పెరిగినందువల్ల జనం బరువు తగ్గించుకున్నారు. సరోజమ్మ ఎప్పుడూ చెప్పే సలహా ఇప్పుడు వాళ్ళే అడుగుతున్నారు. పాత బంగారం మార్పిడి ఆగకుండా సాగుతోంది. మహేందర్ తన చెల్లెలి కొడుకును కూడా పనిలోకి తెచ్చుకుంటానని అడిగాడు. పెద్దన్న ఆలోచించకుండా సరేనన్నాడు.

ఒక మధ్యాహ్నం గిరాకీ పలచబడిన వేళ సరోజమ్మ కౌంటరు తాళాలు భర్త చేతిలో పెట్టింది. “డిసెంబరు నుంచి నేనూ సరిగా నిద్రపోలేదు, కండ్లు మూతలు పడుతున్నాయి. ఇంటికి పోయి పండుకుంటా,” అంది. దుకాణం తెరిచి ఉండగా ఆమె ఇంటికి వెళ్ళడం ఆయన ఎన్నడూ చూడలేదు. “ఆటో పిలుస్తా ఉండు,” అని ఆమెతోపాటు రోడ్డుదాకా నడిచాడు.